సూచిక 48 దగ్గరే ఉంది, కండ మాత్రం తగ్గింది

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పాకాల. మా నాయనకి 63 ఏళ్ళు, రిటైరైన బస్సు డ్రైవరు. జీర్ణాశయంలో క్యాన్సర్ అని తేలాక తిరుపతిలో నాలుగు కీమోలు అయినాయి, ఇప్పుడు ఆపరేషన్ అంటున్నారు. కీమోకి ముందు ఒకటి, తర్వాత ఒకటి సీటీ తీశారు. మూడో నడుము వెన్నుపూస దగ్గర కండరాల సూచిక అప్పుడు 48.0, ఇప్పుడు 48.1 అని ఉంది. కండ సాంద్రత 32 నుంచి 36కి పెరిగింది. బరువు 74 కిలోల నుంచి 73 అయింది, అంతే. అంటే కండ తగ్గలేదనే కదా? మరి రెండిట్లోనూ సార్కోపీనియా, అంటే కండ క్షీణించిందని, ఎందుకు రాశారు? అమ్మేమో, ఆయన అన్నానికి కింద కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవలేకపోతున్నాడు అంటుంది. అసలు పొట్ట స్కాను చూసి కాళ్ళ కండ సంగతి ఎలా చెబుతారు? మందు డోసు తగ్గించమని అడగాలా? రిపోర్టుల ఫోటోలు పంపుతున్నాను.

జవాబు: మీ అమ్మగారు చూసిందే నిజమమ్మా. కండ తగ్గింది. తగ్గినట్టు మీ దగ్గరున్న ఆ రెండు కాగితాల్లోనే ఉంది, కాకపోతే అందరూ చూసే చోట లేదు.

మీరు పంపిన ఫోటోలను పెద్దవి చేసి చూశాను. మొదటి రిపోర్టులో పేరు, వయసు కింద చిన్న అక్షరాల్లో ఎత్తు 172 సెంటీమీటర్లు అని ఉంది. రెండోదాంట్లో అదే చోట 165 అని ఉంది. రెండున్నర నెలల్లో మనిషి ఏడు సెంటీమీటర్లు కుంగిపోడు కదా. ఇప్పుడు దాని కింద వరసలో ఉన్న కండ విస్తీర్ణం చూడండి. మొదట 142 చదరపు సెంటీమీటర్లు, ఇప్పుడు 131. ఆ విస్తీర్ణాన్ని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేదే మీరు రాసిన సూచిక. ఎత్తును మీటర్లలో తీసుకోవాలి.

```
142 ÷ (1.72 × 1.72) = 48.0
131 ÷ (1.65 × 1.65) = 48.1
142 ÷ (1.65 × 1.65) = 52.2
```

పై రెండూ మీ రిపోర్టుల్లో ఉన్నవి. మూడోది నేను వేసింది, మొదటి స్కానుకి కూడా 165 పెడితే రావాల్సిన అంకె. అంటే అసలు కథ 52.2 నుంచి 48.1కి దిగడం. పైన కండ తగ్గింది, కింద ఎత్తు తగ్గింది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అంకె కదలనట్టు కనిపించింది. ఎత్తును రెండుసార్లు గుణిస్తాం కాబట్టి ఏడు సెంటీమీటర్ల తేడా చివరికి దాదాపు 9 శాతం తేడా అయి కూర్చుంటుంది.

ఇది ఎలా జరుగుతుందో చెప్పనా? సీటీ గది బయట చీటీ రాసే అబ్బాయి "పెద్దాయనా, ఎత్తెంత?" అని అడుగుతాడు. ఆయన "ఐదడుగుల ఎనిమిది" అంటాడు. ఉద్యోగంలో చేరినప్పుడు కొలిచిన ఎత్తు అది, బహుశా చెప్పులతో కలిపి కొలిచింది. రెండోసారి ఇంకెవరో నిలబెట్టి కొలిచారు. నా డెస్కు మీదికి వచ్చే కాగితాల్లో ఎత్తు గడి ఖాళీగా ఉండటమో, నోటిమాట రాసి ఉండటమో మామూలే. మామూలు సీటీ రిపోర్టుకి ఎత్తుతో పనిలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కండ సూచిక అడిగిన రోజు మాత్రం అదే గడి మీద లెక్కంతా నిలబడుతుంది.

కాబట్టి ముందు ఇంట్లో ఎత్తు కొలవండి. చెప్పులు లేకుండా, మడమలు, పిరుదులు, వీపు గోడకి ఆనించి నిలబడమనండి, చూపు నేరుగా ముందుకి ఉండాలి. తల మీద ఒక గట్టి అట్ట పుస్తకం గోడకి మూలమట్టంగా పెట్టి, దాని అడుగున పెన్సిలుతో గీత గీసి, నేల నుంచి టేపుతో కొలవండి. రెండుసార్లు కొలవండి. 165 దగ్గర వస్తే కింద నేను చెప్పేదంతా అలాగే ఉంటుంది. ఒకవేళ నిజంగానే 172 వచ్చిందనుకోండి, అప్పుడు తప్పు రెండో సూచికది. 131ని 1.72 వర్గంతో భాగిస్తే 44.3 వస్తుంది, 48.0 నుంచి 44.3. ఎటు తిప్పినా తగ్గుదల తగ్గుదలే.

దీన్లో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఒకే మనిషిలో అప్పటికీ ఇప్పటికీ తేడా చూడాలంటే విస్తీర్ణాన్నే పోల్చాలి, దానికి ఎత్తుతో సంబంధం లేదు. పొడుగు మనిషిని పొట్టి మనిషితో పక్కపక్కన పెట్టాల్సి వచ్చినప్పుడే సూచిక కావాలి. 142 నుంచి 131 అంటే 11 చదరపు సెంటీమీటర్లు, ఉన్నదాంట్లో 8 శాతానికి కాస్త తక్కువ. పది వారాలకి అది చిన్నది కాదు.

పొట్ట చూసి కాళ్ళ సంగతి ఎలా చెబుతారన్నారు. మంచి ప్రశ్న. మూడో నడుము వెన్నుపూస బొడ్డుకి కాస్త పైగా ఉంటుంది. ఆ మట్టంలో అడ్డంగా ఒక పొర తీస్తే పక్కటెముకలు అడ్డం రావు, కటి ఎముకలు ఇంకా మొదలవవు. వెన్నుపూసకి రెండు పక్కలా గుండ్రంగా సోయాస్ కండరాలుంటాయి, మనం మోకాలు పైకెత్తడానికి వాడేవి. వెనక వైపు వీపుని నిలబెట్టే లావుపాటి కండరాలుంటాయి. పక్కల పొట్ట గోడలోని మూడు పొరలు, ముందు నిలువు పట్టీ కండరాలు. ఒక్క పొరలో ఇన్ని రకాల కండరాలు దొరుకుతాయి. ఆరోగ్యవంతులకి ఒళ్ళంతా ఎంఆర్ఐ తీసి మొత్తం కండ కొలిచి, పొట్టలో తీసిన ఒక్కో పొరతో పోల్చి చూస్తే ఇంచుమించు ఈ మట్టంలోని పొర మొత్తం కండతో బాగా సరిపోయిందని 2004లో అమెరికా పరిశోధకులు చూపించారు. 2008లో కెనడాలోని అల్బర్టా వాళ్ళు క్యాన్సర్ రోగుల్లోనూ అలాంటి పోలికే మూడో నడుము వెన్నుపూస దగ్గర చేశారు. మన దగ్గర శనక్కాయల మూటలోకి ఇనప గొట్టం గుచ్చి గుప్పెడు కాయలు తీసి చూస్తారు చూడండి, అలాంటిదే. మూట మొత్తం విప్పరు, అయినా ధర కడతారు.

దీన్లో ఇంకో లాభం, క్యాన్సర్ రోగికి ఎలాగూ సీటీ తీస్తారు. కండ కోసం వేరే స్కాను అక్కర్లేదు, వేరే రేడియేషన్ లేదు. ఉన్న సీడీలోంచి ఒక్క పొర తీసుకుంటే చాలు. కండ కొలవడానికే సీటీ తీయమని మాత్రం ఎవరినీ అడక్కండి.

కొలిచే పని ఎలా ఉంటుందో చెబితే తప్పు ఎక్కడ దూరుతుందో మీకే తెలుస్తుంది. ముందు వెన్నుని పక్క నుంచి చూపించే బొమ్మ తెరుస్తాం. వెన్ను అడుగున కటి ఎముకల మధ్య ఉండే త్రికాస్థి దగ్గర మొదలుపెట్టి ఐదు, నాలుగు, మూడు అని పైకి లెక్కిస్తాం. మూడోదాని మట్టంలో అడ్డపొరకి వెళ్తే వెన్నుపూసకి రెండు పక్కలా రెక్కల్లాంటి ఎముకలు బారుగా కనబడతాయి. రెండు రెక్కలూ ఒకేసారి పూర్తిగా కనిపించే పొరని ఎంచుకుంటాం. తర్వాత కంప్యూటరుకి ఒక హద్దు చెబుతాం. సీటీలో సాంద్రత కొలిచే హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో -29 నుంచి +150 వరకు ఉన్న చుక్కలన్నిటికీ రంగు వెయ్యమని. నీళ్ళు సున్నా, కొవ్వు ఇంకా కింద మైనస్‌లో ఉంటుంది, ఎముక ఎక్కువగా పైన ఉంటుంది, మధ్యలో పడేది కండ.

చిక్కల్లా ఏమిటంటే పేగు గోడ, కిడ్నీ కింది కొస, రక్తనాళాలు కూడా ఆ హద్దులోనే పడతాయి. వాటిని మనిషే చేత్తో చెరపాలి. నేను ఒక్కో బొమ్మకి పది నిమిషాల పైనే పెడతాను, అందులో సగం పేగు చెరపడానికే పోతుంది. పెద్దపేగు పొట్ట గోడకి అంటుకుని ఉన్న చోట ఎక్కడ గోడ అయిపోయి ఎక్కడ పేగు మొదలైందో కనిపించక కళ్ళు చికిలించాల్సి వస్తుంది. మీ రెండో రిపోర్టు వెనక ఉన్న రంగు బొమ్మలో ఎడమ పక్కన పేగు ముక్క ఒకటి ఎర్రగా మిగిలిపోయింది, గమనించారో లేదో. చిన్నదే. కానీ అది కండ లెక్కలో కలిసింది కాబట్టి అసలు కండ 131 కంటే ఓ పిసరు తక్కువే ఉంటుంది.

మరి ఈ 11 కొలతలోని పొరపాటే ఎందుకు కాకూడదు అంటారేమో. అలవాటున్న ఇద్దరు ఒకే పొరని విడివిడిగా కొలిస్తే తేడా మామూలుగా రెండు శాతం లోపే ఉంటుంది, అంటే మీ నాన్నగారి విషయంలో మూడు చదరపు సెంటీమీటర్లు. 11 దానికి బాగా పైన ఉంది. అయితే ఆ లెక్క ఒకే పొరని కొలిచినప్పుడు. వేరే వెన్నుపూస దగ్గర కొలిస్తే ఆ మాటకి విలువ లేదు.

నా తప్పే ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒకాయనకి ఇలాగే రెండు స్కాన్లు పోల్చాను. మనిషి చూస్తుండగానే చిక్కిపోతున్నాడు, నా రిపోర్టులో కండ పెరిగింది. డైటీషియన్ అమ్మాయి కాగితం పట్టుకుని వచ్చి "సార్, ఈయన ప్యాంటు నాడాతో కట్టుకుంటున్నాడు, మీరేమో పెరిగిందంటున్నారు" అంది. మళ్ళీ తెరిచి చూస్తే ఆయన ఐదో నడుము వెన్నుపూస త్రికాస్థితో అతుక్కుపోయి ఉంది. కొందరికి పుట్టుకతోనే అలా ఉంటుంది. మొదటిసారి నేను కింద నుంచి లెక్కించి, విడిగా ఉన్న ఆఖరి పూసని ఐదు అనుకున్నాను, అది నిజానికి నాలుగు. అలా మూడు అనుకుని రెండో పూస దగ్గర కొలిచాను. రెండోసారి పైన ఆఖరి పక్కటెముక నుంచి కిందికి లెక్కించి సరైన చోటికి వెళ్ళాను. రెండూ వేర్వేరు మట్టాలు. అప్పటి నుంచి కింద నుంచీ, పైనుంచీ రెండు వైపులా లెక్కిస్తాను. మీ నాన్నగారి రెండు రంగు బొమ్మల్లో ఎముక రెక్కల ఆకారం, కిడ్నీ కొస కనిపించే తీరు ఒకేలా ఉన్నాయి, కాబట్టి మట్టం ఒకటే అనిపిస్తోంది. ఫోటో చూసి ఇంతకంటే గట్టిగా చెప్పలేను. సీడీ పెట్టి పక్క బొమ్మ చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది, అక్కడి రేడియాలజిస్టుని అడగండి.

సాంద్రత 32 నుంచి 36 అయిందని మీరు కాస్త సంతోషించినట్టున్నారు. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. సాంద్రత అంటే ఆ రంగు వేసిన కండ సగటున ఎన్ని యూనిట్లు ఉందని. కండలోకి కొవ్వు చేరితే అది పడిపోతుంది, మాంసంలో కొవ్వు చారలు ఎక్కువైనట్టు. కానీ చేతి నరానికి కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తే కండలోనూ రక్తం ఉంటుంది కాబట్టి అదే కండ కొన్ని యూనిట్లు ఎక్కువ చూపిస్తుంది. మీ మొదటి రిపోర్టు కింద "ప్లెయిన్" అని, రెండోదాని కింద "పోర్టల్ ఫేజ్" అని ఉంది. అంటే మొదటిసారి మందు ఎక్కించకముందు తీసిన బొమ్మ మీద కొలిచారు, రెండోసారి ఎక్కించాక తీసిన దాని మీద. ఆ నాలుగు యూనిట్ల పెరుగుదల మందు పుణ్యమే కావచ్చు, లోపల కండ నాణ్యత నిజానికి దిగిపోయి కూడా ఉండొచ్చు. మామూలుగా ఇలాంటి సీటీలో రెండు రకాల బొమ్మలూ సీడీలో ఉంటాయి, కాబట్టి రెండు స్కాన్లనీ ఒకే ఫేజ్‌లో మళ్ళీ కొలవమంటే సరిపోతుంది. విస్తీర్ణం మీద కాంట్రాస్ట్ ప్రభావం తక్కువ, అందుకే 11 తేడాని నేను నమ్ముతున్నాను, ఈ 4 తేడాని నమ్మను.

ఇక బరువు. కండ అంత పోతే బరువు కిలోనే ఎందుకు తగ్గింది? అల్బర్టా వాళ్ళు ఇచ్చిన ఒక లెక్క ఉంది. ఈ పొర విస్తీర్ణాన్ని 0.30తో గుణించి 6.06 కలిపితే ఒంట్లో కొవ్వు కానిదంతా సుమారు ఎన్ని కిలోలో వస్తుంది. 142కి 48.7 కిలోలు, 131కి 45.4. అంటే మూడు కిలోల పైగా పోయింది. ఇది అంచనా మాత్రమే, ఒక్క మనిషి విషయంలో రెండు మూడు కిలోలు అటూ ఇటూ కావచ్చు, దీన్ని తూకం రాయిలా పట్టుకోకండి. కానీ దిశ స్పష్టంగా ఉంది. పోయినది మూడు, తూకంలో కనిపించింది ఒకటి అయితే మిగతా రెండిటి చోట ఏదో చేరింది. అది కొవ్వు కావచ్చు, నీరు కావచ్చు. కీమో రోజుల్లో వాంతులకీ, ఎలర్జీకీ ఇచ్చే డెక్సామెథసోన్ ఆకలి పెంచుతుంది, కొవ్వు పెడుతుంది, తొడ కండని తింటుంది. ఇంట్లో కూర్చుని ఉండటం దానికి తోడు. నీరు సంగతి మీరే చూడొచ్చు. మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు గట్టిగా నొక్కి తీయండి. గుంట అలాగే నిలబడితే నీరు చేరినట్టు, అప్పుడు డాక్టరుకి వెంటనే చెప్పండి. నీరు బాగా చేరిన ఒంట్లో పొట్ట గోడ కండ కూడా ఉబ్బి విస్తీర్ణం ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు 131 కూడా ఉన్నదానికంటే ఎక్కువ చూపించినట్టే.

రెండిట్లోనూ సార్కోపీనియా అని ఎందుకు రాశారన్నారు. ఎందుకంటే ఒక హద్దు గీసి, దాని కింద ఉంటే ఆ పేరు పెట్టే అలవాటు. ఎక్కువగా వాడే హద్దులు రెండున్నాయి. 2008లో వచ్చింది మగవాళ్ళకి 52.4, ఆడవాళ్ళకి 38.5. 2013లో వచ్చిన దాంట్లో, బరువుని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ 25 లేదా ఆ పైన ఉన్న మగవాళ్ళకి 53, అంతకంటే తక్కువ ఉంటే 43, ఆడవాళ్ళకి 41. రెండూ అల్బర్టాలోని ఊపిరితిత్తుల, జీర్ణకోశ క్యాన్సర్ రోగుల నుంచి వచ్చినవి. మొదటిదైతే పూర్తిగా ఊబకాయుల మీద చేసింది. ఆ గీత కింద ఉన్నవాళ్ళు తక్కువ కాలం బతికారు అని చూసి గీత గీశారు. పాకాల మనిషి ఒంటి తీరు కెనడా మనిషిది కాదు. మన వాళ్ళకి పుట్టుకతోనే అదే బీఎంఐకి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ గీత ఇక్కడ పెడితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా చాలామంది కిందే పడతారు.

మీ నాన్నగారి మొదటి రిపోర్టే చూడండి, ఈ పేరు ఎంత సన్నటి దారం మీద వేలాడిందో. 74 కిలోలు, 172 సెంటీమీటర్లు అంటే బీఎంఐ సరిగ్గా 25.0. అందుకని హద్దు 53 అయింది, 48 దాని కింద పడింది, సార్కోపీనియా అని రాశారు. ఆ చీటీ రాసిన అబ్బాయి 172కి బదులు 173 అని రాసుంటే బీఎంఐ 24.7, హద్దు 43, సూచిక 47.4, సార్కోపీనియా లేదు! ఒంట్లో ఒక్క గ్రాము మారకుండా జబ్బు పేరు వచ్చేది, పోయేది. 165 పెట్టి లెక్కిస్తే బీఎంఐ 27 పైన, సూచిక 52.2, గీతకి ఆనుకునే ఉంది, రెండు శాతం కొలత తేడాలో అటో ఇటో కొట్టుకుపోయే దూరం. కాబట్టి మొదటి రిపోర్టులో ఆ మాట నేనైతే రాసేవాణ్ణి కాదు. రెండోసారి 48.1, ఇప్పుడు గీతకి బాగా కిందికి వచ్చారు, అంతకంటే ముఖ్యంగా ఆయన కొలతకే ఆయన కిందికి వచ్చారు.

అసలు సార్కోపీనియా అనే పేరు సీటీ ఒక్కటే చూసి పెట్టకూడదని నా అభిప్రాయం. సీటీ చెప్పేది కండ ఎంత ఉందని, ఆ కండకి ఎంత బలం ఉందని కాదు. 2019లో యూరప్ వాళ్ళూ, ఆసియా దేశాల బృందమూ ఇచ్చిన పద్ధతుల్లో బలం కూడా చూడమన్నారు. ఆ ఏడాది ఆసియా లెక్క ప్రకారం చేతి పట్టు మగవాళ్ళకి 28 కిలోల కంటే తక్కువ ఉంటే బలహీనత. ఆ మీటరు ఫిజియోథెరపీ వాళ్ళ దగ్గర దొరుకుతుంది, రెండు నిమిషాల పని. ఇంట్లో అయితే కుర్చీ పరీక్ష చెయ్యండి. చేతులు లేని గట్టి కుర్చీని గోడకి ఆనించి పెట్టండి, కదలకుండా. ఆయన్ని చేతులు ఛాతీ మీద కట్టుకుని కూర్చోమని, అలాగే ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోమనండి. ఫోనులో టైం పెట్టండి. ఐదోసారి నిలబడేసరికి 12 సెకన్లో ఆ పైనో పడితే కాళ్ళలో శక్తి తగ్గినట్టు లెక్క. మీరు పక్కనే నిలబడండి, తూలితే పట్టుకునేలా. కీమో అయిన రెండు మూడు రోజుల్లో చెయ్యకండి, అప్పుడు ఎవరైనా నీరసంగానే ఉంటారు. కీమో వల్ల పాదాల్లో తిమ్మిరి ఉంటే అది కూడా రాసుకోండి, ఎందుకంటే లేవలేకపోవడానికి అదీ కారణం కావచ్చు, రక్తం తక్కువ కావడమూ కారణం కావచ్చు. గోడ పట్టుకుని లేస్తున్నాడని మీ అమ్మగారు చెప్పింది ఈ పరీక్ష సగం చేసినట్టే.

డోసు సంగతి. తగ్గించమని మీరు అడగొద్దు. కండ తక్కువున్నవాళ్ళలో కొన్ని కీమో మందుల దుష్ఫలితాలు ఎక్కువని చాలా చోట్ల చూశారు, అది నిజమే. ఎక్కించిన మందు పంచుకోవడానికి ఒంట్లో కండ తక్కువుంటుందని ఒక వివరణ. అంత మాత్రాన కండని బట్టి డోసు కట్టే పద్ధతి ఇంకా వాడుకలోకి రాలేదు, ఇప్పటికీ ఎత్తు, బరువు నుంచి వచ్చే ఒంటి ఉపరితలం మీదే కడతారు. ఇక్కడ కూడా ఆ ఎత్తు ఉంది కదా అని మీకు టెన్షన్ రావచ్చు. లెక్కేశాను, 172 పెడితే 1.88 చదరపు మీటర్లు, 165 పెడితే 1.84, రెండు శాతం తేడా. దాంతో ఏ ప్రమాదమూ జరగలేదు. కానీ ఫైల్లో సరైన ఎత్తు రాయించండి. డాక్టరుకి చెప్పాల్సినవి వేరే ఉన్నాయి, ఏ కీమో తర్వాత ఎన్ని రోజులు విరేచనాలైనాయి, నోరు పూసిందా, జ్వరం వచ్చిందా అని. డోసు మార్చాలా వద్దా అన్నది ఆయన వాటిని చూసి నిర్ణయిస్తారు.

సర్జనుకి మాత్రం ఈ 11 సంగతి తప్పక తెలియాలి. ఆపరేషన్ రోజుకి ఇంకా మూడు నాలుగు వారాలు ఉంటే అవి ఖాళీగా పోకూడదు. ఆయన బరువుకి రోజుకి 73 గ్రాముల ప్రొటీన్ కనీసం, వీలైతే 110 దాకా, కిడ్నీ పరీక్ష బాగుంటేనే. మన ఇళ్ళలో సంగటి ముద్ద పెద్దది, పక్కన ఊరుబిండి చిన్నది. ముద్ద సగం చేసి కోడికూరో, రెండు గుడ్లో, గట్టి పప్పో పెంచమనండి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఎనిమిది, అలా కూడుకుంటూ వెళ్తే ఆ అంకె ఎంత దూరంలో ఉందో మీకే తెలుస్తుంది. జీర్ణాశయంలో గడ్డ ఉంది కాబట్టి ఒకేసారి ఎక్కువ పట్టదు, రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. మింగుడు పడకపోతే, తిన్నది వాంతి అయిపోతుంటే ఇంట్లో తంటాలు పడకుండా వెంటనే ఆసుపత్రికి చెప్పండి, ట్యూబు ద్వారా ఆహారం ఇచ్చే దారులున్నాయి. తిండి ఒక్కటే పెడితే కండ రాదు, దాన్ని వాడాలి కూడా. పరీక్షకి పెట్టిన ఆ కుర్చీనే పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు లేచి కూర్చోవడానికి వాడమనండి, మొదట్లో చేత్తో ఆసరా తీసుకున్నా పర్లేదు. నడక మంచిదే, అయితే తొడకి పని చెప్పేది లేచి కూర్చోవడమే.

రేడియాలజీ వాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు రెండు సీడీలూ పట్టుకెళ్ళి ఈ ఒక్క వాక్యం చీటీ మీద రాసివ్వండి: "రెండు స్కాన్లనీ ఒకరే, ఒకే వెన్నుపూస దగ్గర, ఒకే ఫేజ్‌లో, కొత్తగా కొలిచిన ఎత్తుతో మళ్ళీ చూసి, విస్తీర్ణాన్ని సూచికతో పాటు విడిగా రాయగలరు." విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మొదటి స్కాను విస్తీర్ణం 142 కంటే, రెండోది 131 కంటే బాగా తేడాగా వస్తే నాకు మళ్ళీ ఫోటో పంపండి, అప్పుడు వెన్నుపూసల లెక్క దగ్గర్నుంచి మొదలుపెడదాం.